స్పార్క్ వచ్చిందని కండెన్సర్ మంచిదైపోదండీ

మొన్న ఒకాయన సీలింగ్ ఫ్యాన్ మోసుకొచ్చి, కాయిల్ కొత్తగా చుట్టించినా స్లోగానే తిరుగుతోంది, ఇక పారేయాల్సిందేనా అని దిగాలుగా అడిగారు. కండెన్సర్ మార్చారా అంటే, "అది బానే ఉందండీ, నా ముందే ప్లగ్‌లో పెట్టి తీసి వైర్లు రెండూ తాకిస్తే టప్పుమని ఇంత స్పార్క్ వచ్చింది" అన్నారు. ఈ స్పార్క్ కబురు విని విని విసుగొచ్చేసింది, అందుకే రాస్తున్నా.

అపోహ: స్పార్క్ వస్తే కండెన్సర్ మంచిదే, తప్పు కాయిల్‌దే.

వాస్తవం: స్పార్క్ వచ్చిందంటే లోపల ఎంతో కొంత ఛార్జ్ నిలుస్తోందని, అంతే. ఎంత నిలుస్తోందో అది చెప్పదు, మనకి కావాల్సిందేమో ఆ లెక్కే. 2.5 మైక్రోఫారడ్ కెపాసిటీ ఉండాల్సింది సగానికి పడిపోయినా టప్పుమనే అంటుంది. ఇంకో తిరకాసు ఏంటంటే, కరెంటు ఏసీ కదా, ప్లగ్ లాగిన క్షణంలో వోల్టేజ్ పైన ఉంటే పెద్ద స్పార్క్, సున్నా దగ్గరుంటే మంచి కండెన్సర్ కూడా నోరు మూసుకుని కూర్చుంటుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాగే చేసేవాణ్ణి, ఓసారి వైరు జారి వేలి చివర మాడింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఇంట్లో మాత్రం ఈ ప్రయోగం అస్సలు వద్దు.

అసలు ఇది మెల్లగా ఎందుకు చచ్చిపోతుందంటే, లోపల ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పల్చటి లోహపు పూత ఉంటుంది, ఎక్కడైనా ఫిల్మ్ పంక్చర్ అయితే ఆ చుట్టూ పూత కాలిపోయి షార్ట్ కాకుండా తనని తాను కాపాడుకుంటుంది, కానీ అలా కాలిన ప్రతిసారీ కొంచెం కెపాసిటీ పోతుంది. అందుకే బయటికి ఉబ్బకుండా, కాలకుండా, కొత్తదానిలాగే కనిపిస్తూ కూడా వీక్ అయిపోతుంది. స్టార్టింగ్ కాయిల్‌కి కరెంటు దీని గుండానే వెళ్తుంది కాబట్టి ఇది వీక్ అయితే ఫ్యాన్‌కి ఊపు పోతుంది. పూర్తిగా పోతే ఫ్యాన్ హమ్ మని మూలుగుతూ ఆగిపోతుంది, చేత్తో ఎటు తోస్తే అటు తిరుగుతుంది.

చూడాల్సింది కెపాసిటెన్స్ మోడ్ ఉన్న మల్టీమీటర్‌తో. ఫ్యాన్ స్విచ్ ఒక్కటే కాదు, ఎంసీబీ దించేసి టెస్టర్‌తో చూసుకోండి. కండెన్సర్‌లో ఛార్జ్ మిగిలి ఉండొచ్చు, రెండు వైర్ల మధ్య పాత ఫిలమెంట్ బల్బు ఒక క్షణం తాకిస్తే దిగిపోతుంది, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. తర్వాత కనీసం ఒక వైరైనా ఊడదీసి కొలవాలి, లేకపోతే కాయిల్ కూడా కలిసి రీడింగ్ తప్పొస్తుంది. మీటర్ ఓమ్స్‌లో పెట్టి ముల్లు ఊగింది కాబట్టి మంచిదే అనేవాళ్లున్నారు, అదీ స్పార్క్ లాంటి కథే.

ఆయన కండెన్సర్ మీద 2.5, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం, 440 వోల్ట్స్ అని ఉంది. అంటే 2.375 నుంచి 2.625 లోపు చూపించాలి, మీటర్ 1.3 చూపించింది. కాయిల్ చుట్టినాయన అదే పాతదాన్ని మళ్లీ బిగించి పంపాడన్నమాట! కొత్త 2.5 వేశాక ఫ్యాన్ మామూలు స్పీడ్‌కి వచ్చేసింది.

ఇక మిగతావి. 4 వేస్తే ఇంకా స్పీడ్ వస్తుందంటారు, కొంచెం వచ్చినట్టే ఉంటుంది గానీ స్టార్టింగ్ కాయిల్‌లో కరెంటు పెరిగి మోటార్ వేడెక్కుతుంది, చివరికి నిజంగానే వైండింగ్ చేయించాల్సి వస్తుంది. మీద రాసిన మైక్రోఫారడే వేయండి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ ఉండాలి. కండెన్సర్ వైర్లు రెండూ అటూ ఇటూ మారినా పర్లేదు, కానీ అవి మోటార్‌లో ఏ వైర్లకి కలిశాయో విప్పేముందే ఫోటో తీసుకోండి.

స్లో అయిన ప్రతి ఫ్యాన్‌కీ కండెన్సరే కారణం అనుకోవద్దు కూడా. కరెంటు ఆపి చేత్తో తిప్పితే వెంటనే ఆగిపోతే బేరింగ్ టైట్, టేబుల్ ఫ్యాన్‌లో అయితే ఎక్కువసార్లు బుష్ దగ్గర నూనె గడ్డకట్టి ఉంటుంది. ఫుల్‌లో బాగా తిరిగి తక్కువ నంబర్లలోనే తేడా ఉంటే రెగ్యులేటర్ చూడండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి ఇదంతా వర్తించదు, దాని మోటార్‌కి ఈ కండెన్సరే ఉండదు.

వెళ్లేటప్పుడు ఆయన, మరి నా పాత కాయిల్ నిజంగా పోయిందా అని అడిగారు. దాన్ని ఎప్పుడో విప్పి పారేశారు కదా, నేనెలా చెప్తాను. పాత కండెన్సర్ ఇవ్వమన్నారు, మార్కర్‌తో దానిమీద 1.3 అని రాసి ఇచ్చాను, అది పట్టుకుని వైండింగ్ చేసినాయన దగ్గరికే వెళ్లారు.