ఏటీఎం డబ్బులివ్వలేదు, ఖాతాలో మాత్రం కట్ అయ్యాయి: ఫిర్యాదు లేఖపై అపోహలు - వాస్తవాలు

అపోహ: డబ్బు ఏ ఏటీఎంలో ఇరుక్కుందో ఆ బ్యాంకుకే వెళ్లి రాసివ్వాలి.

వాస్తవం: లేఖ ఇవ్వాల్సింది మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకి. ఖాతా విశాఖ ఎంవీపీ కాలనీ బ్రాంచిలో ఉండి, డబ్బు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర వేరే బ్యాంకు ఏటీఎంలో ఆగిపోయినా సరే, ఎంవీపీ బ్రాంచికే వెళ్లాలి. ఏటీఎం ఉన్న బ్యాంకు దగ్గర మీ ఖాతా ఉండదు కాబట్టి వాళ్లు నేరుగా మీకు జమ చేయలేరు. మీ బ్యాంకు వివాదం లేవనెత్తితే, అవతలి బ్యాంకు డబ్బయినా తిరిగివ్వాలి, ఇచ్చామని రుజువైనా చూపాలి.

అపోహ: మిషన్ నోట్లు ఇవ్వలేదంటే ఖాతాలో కట్ అవ్వకూడదు. అయ్యిందంటే ఏదో మోసమే.

వాస్తవం: ముందు కట్ అవుతుంది, తర్వాతే నోట్లు లెక్కపడతాయి. మీ బ్యాంకు సరే అన్నాకే మిషన్ నోట్లు లాగడం మొదలుపెడుతుంది. నోటు ఇరుక్కుంటే, తలుపు తెరుచుకోకపోతే, మిషన్ నుంచి "ఇవ్వలేకపోయాను" అన్న సందేశం వెనక్కి వెళ్లాలి. సరిగ్గా అప్పుడే లైను పోతే ఆ సందేశం చేరదు, కోత అలాగే నిలిచిపోతుంది. కాబట్టి లేఖలో "దొంగతనం", "మోసం" అని రాయకండి. ఆ మాట పడితే మీ కాగితం మోసాల విభాగానికి వెళ్లి కార్డు బ్లాక్ కావొచ్చు, అసలు పని ఆగిపోవచ్చు. "లావాదేవీ విఫలమైంది, నగదు అందలేదు" అంటే చాలు.

అపోహ: "మార్చి 3న 8,000 రాలేదు" అని రాస్తే బ్యాంకువాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: ఎక్కువ ఫిర్యాదులు తిరిగొచ్చేది ఇక్కడే. డబ్బు రాకపోతే మనం చేసే మొదటి పని మళ్లీ కార్డు పెట్టడం. ఒక ఉదాహరణ తీసుకుందాం. 2025 మార్చి 3, సోమవారం. సాయంత్రం 7:42కి ₹8,000 నొక్కారు. గరగరమని శబ్దం వచ్చి మిషన్ ఆగిపోయింది, డెబిట్ మెసేజ్ మాత్రం వచ్చింది. 7:46కి అదే మిషన్‌లో మళ్లీ ₹8,000 నొక్కితే నోట్లు వచ్చాయి. ఇప్పుడు ఖాతాలో ఒకే తేదీ, ఒకే ఏటీఎం, ఒకే మొత్తం, రెండు కోతలు. లేఖలో తేదీ, మొత్తం మాత్రమే ఉంటే, చూసే ఉద్యోగి 7:46 నాటిది తెరిచి "లావాదేవీ విజయవంతం" అని జవాబిచ్చేస్తారు. ఆయన తప్పు కాదు. మీరు ఏది అడిగారో ఆయనకు తెలియదు.

రెండింటినీ విడదీసేది RRN అనే 12 అంకెల నంబరు. స్లిప్ మీద RRN అనో, REF NO అనో ఉంటుంది. చాలా స్లిప్పుల్లో దాని మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. మార్చి 3 అంటే 62వ రోజు, కాబట్టి 5062తో మొదలవుతుంది. వేరే రోజు స్లిప్ పొరపాటున జత చేశారేమో ఇలా ఇంట్లోనే పట్టుకోవచ్చు. లేఖ ఇలా ఉంటే సరిపోతుంది:

> బ్రాంచి మేనేజర్ గారికి,
>
> విషయం: ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో తగ్గిన ₹8,000 తిరిగి జమ చేయుట గురించి.
>
> అయ్యా, నా పొదుపు ఖాతా నంబరు ……, కార్డు చివరి నాలుగు అంకెలు ……. 03-03-2025 సాయంత్రం 7:42కి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి …… బ్యాంకు ఏటీఎంలో (ATM ID ……) ₹8,000 కోసం ప్రయత్నించాను. నగదు అస్సలు రాలేదు. ఖాతాలో ₹8,000 తగ్గింది. RRN: 506219482731.
>
> అదే మిషన్‌లో 7:46కి జరిగిన ₹8,000 లావాదేవీ (RRN: 506219483105) సక్రమమే, దానిపై నాకు ఫిర్యాదు లేదు.
>
> విఫలమైన మొత్తాన్ని, 08-03-2025 దాటిన ప్రతి రోజుకు ₹100 చొప్పున పరిహారాన్ని జమ చేయగలరు. తిరస్కరిస్తే ఆ మిషన్ లోపల జరిగినదంతా నమోదయ్యే ఈజే లాగ్, ఆ రోజు నగదు సరిచూసిన నివేదిక ఇవ్వగలరు. సీసీటీవీ దృశ్యాలు భద్రపరచగలరు.

"7:46ది సక్రమమే" అన్న వాక్యం రాయడానికి చాలామంది జంకుతారు. నిజానికి లేఖకు బలం అదే. మరో మాట: పూర్తి కార్డు నంబరు, పిన్, వెనక ఉండే మూడు అంకెలు ఎక్కడా రాయకండి, ఎవరు అడిగినా సరే. ఇక అడిగిన 8,000లో 6,500 మాత్రమే వస్తే "నగదు రాలేదు" అనకూడదు; వచ్చినదెంత, తగ్గినదెంత విడిగా రాయాలి.

అపోహ: స్లిప్ లేకపోతే ఆశ వదులుకోవాల్సిందే.

వాస్తవం: మిషన్ ఆగిపోయినప్పుడు స్లిప్ రాకపోవడమే ఎక్కువ. డెబిట్ మెసేజ్, స్టేట్‌మెంట్‌లో ఆ వరుస చాలు. RRN మెసేజ్‌లో లేకపోతే బ్రాంచిలో అడిగి రాయించుకోండి.

అపోహ: ఏడు పనిదినాలు ఆగాలి. పరిహారం కావాలంటే 30 రోజుల్లో ఫిర్యాదు పడాలి.

వాస్తవం: ఇది పాత లెక్క. 2011 నిబంధనల్లో 7 పనిదినాలు, 30 రోజుల షరతు ఉండేవి. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ అదే ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లోకి వచ్చి ఆ లెక్క మార్చింది. లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా బ్యాంకే తనంతట తాను వెనక్కి వేయాలి. దాటితే రోజుకు ₹100, ఖాతాదారు అడగకపోయినా. ఇవి క్యాలెండర్ రోజులు. మన ఉదాహరణలో గడువు మార్చి 8, రెండో శనివారం. సెలవే అయినా లెక్క ఆగదు. డబ్బు మార్చి 19న పడితే ఆలస్యం 11 రోజులు, పరిహారం ₹1,100. అసలు మాత్రమే వేసి ఈ ₹1,100 మరిచిపోవడం మామూలే, అందుకే లేఖలో ఆ వాక్యం ముందే ఉండాలి.

అపోహ: విఫలమైనా ఉచిత లావాదేవీల్లో ఒకటి పోయినట్టే.

వాస్తవం: పోదు. మిషన్ లోపం, నోట్లు లేకపోవడం, లైను సమస్య వల్ల ఆగినవి ఉచిత కోటాలో లెక్కకు రావు, రుసుమూ వేయకూడదు. విశాఖ రిజర్వు బ్యాంకు లెక్కలో ఆరు మెట్రోల్లో లేదు కాబట్టి, ఇతర బ్యాంకుల ఏటీఎంలలో పొదుపు ఖాతాకు నెలకు 5 ఉచితం. హైదరాబాద్‌లో మూడే.

అపోహ: "విజయవంతం" అని జవాబొచ్చిందంటే కథ ముగిసింది.

వాస్తవం: అది కంప్యూటర్ చెప్పిన మాట. మిషన్ లోపల ఏం జరిగిందో చెప్పేది ఈజే లాగ్. ఏ పెట్టెలోంచి ఎన్ని నోట్లు కదిలాయి, బయటికి వచ్చాయా, ఎవరైనా తీసుకున్నారా అన్నది సెకన్లతో సహా అందులో ఉంటుంది. రెండోది నగదు సరిచూసిన నివేదిక. మీ ₹8,000 బయటికి రాకపోతే ఆ మిషన్‌లో లెక్కకు మించి ₹8,000 మిగలాలి. మిగులు లేదని జవాబొస్తే, ఏ తేదీ లెక్కో అడగండి. మార్చి 3 తర్వాత తొలిసారి సరిచూసినది కాకుండా తర్వాతది చూపడం జరుగుతుంటుంది. సీసీటీవీ దృశ్యాలు ఎల్లకాలం ఉంచరు, అందుకే వాటిని భద్రపరచమని మొదటి లేఖలోనే అడగడం.

లేఖ రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదానిపై బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. ఫిర్యాదు నంబరు దానిమీదే రాయించుకోండి. కౌంటర్‌లో "ఫోన్ చేసి చెప్పేయండి చాలు" అంటే చేయండి, కానీ నంబరు గూగుల్‌లో వెతక్కండి. కార్డు వెనక ఉన్నదే వాడండి. మార్చి 10న ఇచ్చిన లేఖకు 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా ముందే తిరస్కరిస్తే, cms.rbi.org.inలో, బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. రుసుము లేదు. అక్కడ మొదట అడిగేది బ్యాంకుకి ఎప్పుడు ఫిర్యాదు చేశారన్నదే. ముద్ర వేసిన ఆ ప్రతే అప్పుడు జత చేయాలి.