బిట్‌కాయిన్, స్టాక్ సూచీలు: కోరిలేషన్ 0.3 ఉంటే పోర్ట్‌ఫోలియోకి కాపలా దొరికినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"ఇండెక్స్ ఫండ్లు ఉన్నాయండీ. మార్కెట్ పడితే అండగా ఉంటుందని పది శాతం బిట్‌కాయిన్‌లో పెట్టాను. కోరిలేషన్ 0.3యే అట కదా, పర్వాలేదు కదా?" పోర్ట్‌ఫోలియో పని చేసేవాళ్ళకి ఈ మధ్య ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళు అత్యాశపరులేం కాదు. ఉన్నది పోకూడదని భయపడేవాళ్ళే ఎక్కువ. ఆ 0.3ని ఏదో టెలిగ్రామ్ గ్రూపులో చూసి ధైర్యం తెచ్చుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

అపోహ: కోరిలేషన్ తక్కువ కాబట్టి బిట్‌కాయిన్ కలిపితే రిస్కు తగ్గుతుంది.

వాస్తవం: ఎంత తక్కువైతే తగ్గుతుందో చెప్పకుండా ఈ మాటకి అర్థం లేదు. రెండూ ఒకే దిక్కుకి ఎంత కలిసికట్టుగా కదులుతున్నాయో కోరిలేషన్ చెబుతుంది. ఎంత దూరం కదులుతున్నాయో చెప్పదు. ఆ సంగతి చెప్పేది వాలటిలిటీ. సూచీ ఏడాది వాలటిలిటీ 15 శాతం, బిట్‌కాయిన్‌ది 60 శాతం అనుకుందాం. ఇవి లెక్క తేలిగ్గా ఉండటానికి తీసుకున్న గుండ్రటి అంకెలు. మీ లెక్కలో ఆ కాలానికి వచ్చిన అంకెలే వాడండి.

చిన్న మోతాదు బిట్‌కాయిన్ రిస్కుని తగ్గిస్తుందా పెంచుతుందా అన్నది తేల్చే గీత ఒకటుంది. సూచీ వాలటిలిటీని బిట్‌కాయిన్ వాలటిలిటీతో భాగిస్తే అది వస్తుంది: 15 ÷ 60 = 0.25. కోరిలేషన్ దీనికంటే తక్కువైతే మొదటి కొద్దిపాటి బిట్‌కాయిన్ మొత్తం ఊగిసలాటని తగ్గిస్తుంది. ఎక్కువైతే మొదటి రూపాయి నుంచే పెంచుతుంది. అంటే, "తక్కువే కదా" అని సంబరపడిన ఆ 0.3 ఈ లెక్కలో గీతకి అవతల ఉంది.

పది శాతం బిట్‌కాయిన్, తొంభై శాతం సూచీ ఉన్న పోర్ట్‌ఫోలియోకి లెక్క కడదాం. సూచీ ఒక్కటే ఉంటే వాలటిలిటీ 15. కోరిలేషన్ 0 అయితే మొత్తం 14.8కి దిగుతుంది. అంత చక్కగా కుదిరినా తగ్గింది 0.2 మాత్రమే. 0.4 అయితే 16.8కి ఎక్కుతుంది, 0.6 అయితే 17.8కి. ఇంకో కోణంలో చూస్తే, కోరిలేషన్ 0.4 ఉన్నప్పుడు డబ్బులో పదో వంతు ఉన్న బిట్‌కాయిన్ మొత్తం రిస్కులో దాదాపు నాలుగో వంతుని మోస్తోంది. "పది శాతమే కదా పెట్టాను" అనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు నిజంగా జరిగిన ఏడాదిని తీసుకుందాం. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో ఒకరి దగ్గర 2022 మొదట్లో లక్ష డాలర్లు ఉన్నాయనుకోండి. అందులో 90 వేలు ఎస్ అండ్ పీ 500 ఫండ్‌లో, 10 వేలు బిట్‌కాయిన్‌లో పెట్టారు. ఆ ఏడాది సూచీ 19.4 శాతం పడింది, బిట్‌కాయిన్ సుమారు 64 శాతం పడింది. డివిడెండ్లు పక్కన పెడితే సూచీలో 17,460 డాలర్లు, బిట్‌కాయిన్‌లో 6,400 డాలర్లు పోయాయి. రెండూ కలిపి 23,860. కాపలా లేకుండా మొత్తం సూచీలోనే ఉంచి ఉంటే పోయేది 19,400. కాపలాకి పెట్టింది పదో వంతు, నష్టంలో దాని వాటా పావు వంతు పైనే.

ఇక పతనం వేళ కోరిలేషన్ ఉన్నచోట ఉండదు. 2020 మార్చి 12న ఎస్ అండ్ పీ 500 ఒక్క రోజులో 9.5 శాతం పడింది. అదే రోజు బిట్‌కాయిన్ ఎనిమిది వేల డాలర్ల దగ్గర నుంచి ఐదు వేల కిందికి జారింది. అంతకుముందు ఏళ్ళ లెక్కల్లో ఈ రెంటి మధ్య కోరిలేషన్ సున్నా చుట్టుపక్కలే తిరిగేది. కారణం సూటిగానే ఉంది. అప్పు మీద కొన్నవాళ్ళకి మార్జిన్ కాల్ వస్తే, అంటే వెంటనే ఇంకాస్త డబ్బు కట్టమని బ్రోకరు అడిగితే, నచ్చింది అమ్మరు, అమ్ముడుపోయేది అమ్ముతారు. రాత్రీ పగలూ, శని ఆదివారాలూ తెరిచి ఉండే మార్కెట్ బిట్‌కాయిన్‌దే. 2024 ఆగస్టు 5న యెన్‌లో అప్పు చేసి పెట్టిన పెట్టుబడుల్ని హడావిడిగా అమ్ముకుంటున్నప్పుడూ ఇదే కనిపించింది. జపాన్ నిక్కీ ఒక్క రోజులో 12 శాతం పైగా పడింది, బిట్‌కాయిన్ కాసేపు 50 వేల డాలర్ల కిందికి వెళ్ళింది. ప్రశాంతమైన నెలల సగటు చూసి గండం నాటి రక్షణని అంచనా వేయకూడదనేది ఇందుకే.

అపోహ: అయితే బిట్‌కాయిన్ మారువేషంలో ఉన్న టెక్ షేరే.

వాస్తవం: ఇది పై పుకారుకి ఎదురు పుకారు. ధరని కదిలిస్తున్న కారణం ఎవరిదో చూడాలి. కారణం ఉమ్మడిదైతే, అంటే అమెరికా ఫెడ్ వడ్డీ, ద్రవ్యోల్బణం అంకె, డాలర్ల లభ్యత లాంటిదైతే, రెండూ దగ్గరవుతాయి. 2022లో జరిగింది అదే. వడ్డీలు వేగంగా పెరుగుతుంటే దూరపు ఆశల మీద నిలబడిన ప్రతిదాన్నీ మార్కెట్ ఒకే గాటన కట్టి అమ్మింది. కారణం క్రిప్టో ఇంటి గొడవ అయితే రెంటి మధ్య తాడు వదులవుతుంది.

దానికి 2022 నవంబర్ రెండో వారాన్ని మించిన ఉదాహరణ లేదు. 10వ తేదీన అమెరికా ద్రవ్యోల్బణం అంకె అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది. ఎస్ అండ్ పీ 500 ఒక్క రోజులో 5.5 శాతం ఎగిరింది. అదే వారంలో క్రిప్టో ఎక్స్ఛేంజి ఎఫ్‌టీఎక్స్ కుప్పకూలి 11న దివాలా పిటిషన్ వేసింది. షేర్లకి పండగ వారం, బిట్‌కాయిన్‌కి దాదాపు 20 శాతం నష్టం. తాడు వదులైందంటే మనకి మేలు జరిగిందని కాదని ఆ వారం చెప్పకనే చెప్పింది.

2023 మార్చిని చాలామంది ఎదురు సాక్ష్యంగా చూపిస్తారు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడ్డాక బ్యాంకు షేర్లు పడ్డాయి, బిట్‌కాయిన్ 20 వేల నుంచి నెలాఖరుకి 28 వేల డాలర్ల దాకా వెళ్ళింది. నిజమే. కానీ ఆ నెలలో నాస్‌డాక్ 100 కూడా పెరిగింది, ఎందుకంటే ఇక ఫెడ్ వడ్డీలు పెంచడం ఆపుతుందని మార్కెట్ లెక్కేసుకుంది. బ్యాంకు షేర్లతో పోలిస్తే విడిపోయినట్టు, నాస్‌డాక్‌తో పోలిస్తే కలిసి నడిచినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎవరైనా "కోరిలేషన్ తెగిపోయింది" అంటే, దేనితో అని అడగండి.

అపోహ: బిట్‌కాయిన్ కోరిలేషన్ నాస్‌డాక్‌తో ఎంతో నిఫ్టీతోనూ అంతే.

వాస్తవం: కాదు. 2022లో నాస్‌డాక్ 100 మూడో వంతు పోగొట్టుకుంటే నిఫ్టీ 4 శాతం పైగా పెరిగింది. మీ డబ్బు నిఫ్టీలో ఉంటే లెక్క నిఫ్టీతోనే కట్టాలి, ట్విట్టర్‌లో తిరిగే నాస్‌డాక్ చార్టుతో కాదు. ఆ ఏడాది బిట్‌కాయిన్ రూపాయల్లో సుమారు 60 శాతం పడింది. పది లక్షల్లో తొమ్మిది లక్షలు నిఫ్టీలో ఉన్నవాళ్ళకి అక్కడ 39 వేలు వచ్చి, లక్ష బిట్‌కాయిన్‌లో 60 వేలు పోయాయి. కోరిలేషన్ తక్కువే, అయినా చేతికి మిగిలింది నష్టమే.

అపోహ: చార్టు మీద రెండు గీతలూ కలిసి పైకి పోతుంటే కోరిలేషన్ ఎక్కువ.

వాస్తవం: ధరల మీద కోరిలేషన్ కట్టకూడదు. ఏళ్ళ తరబడి పెరిగినవి ఏ రెండు తీసుకున్నా, సంబంధం లేకపోయినా 0.9 దాకా రావచ్చు. రోజువారీ లేదా వారపు రాబడుల మీదే కట్టాలి. షీట్‌లో B నిలువు వరుస బిట్‌కాయిన్ ముగింపు ధర, C సూచీ ముగింపు అనుకుంటే:

```
D3: =LN(B3/B2)
E3: =LN(C3/C2)
F62: =CORREL(D3:D62,E3:E62)
```

D3, E3లని చివరి వరుస దాకా లాగి, తర్వాత F62ని కిందికి లాగితే 60 రోజుల కోరిలేషన్ రోజురోజుకీ జరుగుతూ వస్తుంది. లెక్క తప్పేది మూడు చోట్ల. ఒకటి, శని ఆదివారాలు. ఆ రోజుల్లో సూచీకి సున్నా రాబడి వేసి వరుస నింపేవాళ్ళు చాలామంది. అలా చేస్తే కోరిలేషన్ ఉత్తపుణ్యానికి తగ్గుతుంది. ఆ వరుసలు తీసేసి, శుక్రవారం ముగింపు నుంచి సోమవారం ముగింపుకి రెండింటి రాబడీ కట్టాలి.

రెండు, గడియారం. నిఫ్టీ మధ్యాహ్నం 3:30కి మూతపడుతుంది. ఎక్కువ చార్టుల్లో బిట్‌కాయిన్ రోజు ముగిసేది మన టైము ప్రకారం మర్నాడు ఉదయం 5:30కి. మధ్యలో న్యూయార్క్ మార్కెట్ మొత్తం జరిగిపోతుంది. అంటే ఒకే తేదీ వరుసలో ఉన్న బిట్‌కాయిన్ ముగింపులో నిఫ్టీ ఇంకా చూడని పద్నాలుగు గంటలున్నాయి. నిఫ్టీతో కోరిలేషన్ ఎప్పుడూ తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. నిఫ్టీకి వారపు రాబడులు వాడితే ఈ పేచీ చాలావరకు పోతుంది.

మూడోది, ఒక్క రోజు పెత్తనం. 2020 మార్చి 12 లాంటి రోజు ఆ 60 రోజుల కిటికీలోకి వస్తే కోరిలేషన్ ఒక్కసారి ఎగురుతుంది. అరవై రోజులకి ఆ రోజు కిటికీ దాటగానే దభీమని పడుతుంది. ఆ రోజు మార్కెట్లో ఏమీ జరిగి ఉండదు, అయినా "బంధం వీడింది" అని శీర్షికలొస్తాయి. అనుమానమొస్తే ఆ వరుస ఒక్కటి తీసేసి మళ్ళీ కట్టి చూడండి. పైగా 60 పరిశీలనలతో వచ్చిన అంకెకి అటూ ఇటూ పావు దాకా పొరపాటుకి చోటుంటుంది. 0.2 నుంచి 0.35కి పెరిగిందని అమ్మకానికి దిగడం అనవసరం.

అపోహ: కోరిలేషన్ పెరిగితే అమ్మాలి, తగ్గితే కొనాలి.

వాస్తవం: ఇండియాలో పన్ను కట్టేవాళ్ళకి ఈ ఆట ఖరీదైనది. 60 వేలకి కొన్న బిట్‌కాయిన్ లక్షకి అమ్మితే 40 వేల లాభం మీద 30 శాతం పన్ను, సెస్సుతో కలిపి 12,480 రూపాయలు. అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ వేరు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. నష్టమొస్తే దేనితోనూ సెట్ ఆఫ్ లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడమూ లేదు. కోరిలేషన్ని కొనేటప్పుడు మోతాదు నిర్ణయించడానికి వాడండి, అదీ సగటు అంకెతో కాదు, 0.6 లాంటి గడ్డు అంకెతో. పై లెక్కలోనే బిట్‌కాయిన్‌ని ఐదు శాతానికి దించి, కోరిలేషన్ 0.6 వేసి కడితే మొత్తం వాలటిలిటీ 16.2 దగ్గర ఆగుతుంది. అది భరించగలిగితే ఐదు. తర్వాత వాటా 3 శాతం కిందికి గానీ 8 శాతం పైకి గానీ పోయినప్పుడే సర్దండి. మధ్యలో కోరిలేషన్ ఎటు కదిలినా ముట్టుకోనక్కర్లేదు.