సంస్మరణ సభలో ఐదు నిమిషాలు: అపోహలు – వాస్తవాలు

పెద్దకర్మ రోజు భోజనాలకు ముందు జరిగే సంస్మరణ సభలు నడిపించడం నా పని. ఇంటివాళ్లు మాట్లాడేది ముందే కూర్చుని సరిచేసి పెడుతుంటాను కూడా. "మీరో ఐదు నిమిషాలు మాట్లాడాలి" అనగానే కొడుకులూ కూతుళ్లూ పడే కంగారు దాదాపు ఒకేలా ఉంటుంది.

అపోహ: పుట్టిన ఊరు దగ్గర్నుంచి జీవితమంతా వరసగా చెప్పాలి.

అదంతా కార్డు మీద ఉంది, ఫ్లెక్సీ మీద ఉంది. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించడం కూడా మానేయండి, ఒక నిమిషం దానికే పోతుంది. ఆ తంతు నేను చూసుకుంటాను. మొదటి అర నిమిషంలో చెప్పాల్సింది రెండే: మీరు ఆయనకు ఏమవుతారు, ఆయన ఎలాంటి మనిషి. వచ్చినవాళ్లలో సగం మందికి మీరెవరో తెలియదు. పైగా గొంతు ఎక్కువగా పట్టేసేది మొదటి వాక్యం దగ్గరే. అందుకే ఆ వాక్యం "నేను ఆయన రెండో కూతుర్ని" అన్నంత పొడిగా ఉండాలి, కంఠతా వచ్చి ఉండాలి.

అపోహ: మంచి గుణాలు ఎన్ని చెబితే అంత గౌరవం.

నిజాయితీపరుడు, పరోపకారి, మృదుస్వభావి... ఈ మాటలు ప్రతి సభలోనూ వినపడతాయి, ఎవరి గురించి అన్నా సరిపోతాయి. ఒక ఆర్టీసీ కండక్టర్ గారి అమ్మాయి రాసుకొచ్చిన కాగితంలో "నాన్న చాలా నిజాయితీపరుడు" అని ఉంది. "నీకెలా తెలుసమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది: చిల్లర లేకపోతే ఆయన టికెట్ వెనక రాసిచ్చేవారట. ఎవరైనా తీసుకోకుండా దిగిపోతే, రోజూ ఎక్కేవాళ్లయితే, ఆ డబ్బు చిన్న కాగితంలో చుట్టి, పైన స్టేజీ పేరు రాసి ఇంట్లో గూట్లో పెట్టేవారు. మర్నాడు ఆ స్టేజీ రాగానే తీసి ఇచ్చేవారు. కాగితంలో "నిజాయితీ" కొట్టేసి ఆ పొట్లాలు పెట్టాం.

ఇలాంటివి రెండు చాలు, మూడు నిమిషాలు అవే తీసుకుంటాయి. మూడోది పెడితే ఏదీ నిలబడదు. నవ్వొచ్చేది ముందు పెట్టండి. ఇంట్లో స్కూటర్ తీసేటప్పుడు కూడా ఆయన వెనక నుంచి "రైట్ రైట్" అనేవారని ఆ అమ్మాయి చెప్పగానే డిపో వాళ్లంతా నవ్వారు. జనం నవ్వితే మాట్లాడే మనిషికీ ఊపిరి తిరుగుతుంది. బరువైనది రెండోది కావాలి.

అపోహ: చివర్లో అందరి గుండెలూ కరిగిపోవాలి.

"నాన్నా, నువ్వు ఎక్కడున్నా..." అని పోయినవాళ్లను నేరుగా పిలిచే ముగింపు దగ్గర మాట పూర్తి చేయగలిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. అలసిపోయి ఉంటారు, మాటేమో అన్నిటికన్నా బరువైనది. ముగింపు విన్నవాళ్ల వైపు తిప్పండి. ఆ అమ్మాయి ఇలా ముగించింది: "బస్సులో నాన్నతో మీకు జరిగినవి మాకు తెలియవు. భోజనాల దగ్గర అమ్మ పక్కన కాసేపు కూర్చుని చెప్పండి." అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాత ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా లేదు.

అపోహ: కాగితం చూసి చదివితే ప్రేమ లేనట్టు. ఏడిస్తే పరువు పోయినట్టు.

రెండూ తప్పే. ఏడుపు వస్తుందనే లెక్కలోనే సిద్ధం కావాలి. ఇంట్లో పైకి చదివితే నాలుగు నిమిషాల్లో అయిపోవాలి, మిగిలిన నిమిషం ఆగడానికి. మనసులో చదువుకుంటే ఎక్కడ తెగుతుందో తెలియదు, పైకి చదివితేనే తెలుస్తుంది. తెగే వాక్యం పక్కన గీత పెట్టి, దాన్ని రెండు చిన్న వాక్యాలుగా విరిచి, ఆ ముక్కే పదేపదే చదవండి. పదును కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. కళ్లు చెమరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి కాబట్టి పెద్ద అక్షరాలతో, వరసల మధ్య ఖాళీ వదిలి ప్రింట్ తీయించండి. పేజీ నంబర్లు వేయండి. సెల్‌ఫోన్ వద్దు, స్క్రీన్ ఆరిపోతుంది.

గొంతు పట్టేసినప్పుడు చాలామంది "క్షమించండి" అంటూ గబగబా ముందుకు పోతారు, ఇంకా బిగుసుకుంటుంది. ఆగండి. లోపలికి పీల్చడం కన్నా, ఉన్న గాలి నోటితో నెమ్మదిగా వదలడం ముఖ్యం. ఒక గుక్క నీళ్లు తాగండి. ఆ గ్యాప్ మీకు యుగంలా ఉంటుంది, వినేవాళ్లకు అలా ఉండదు. ముందు వరసలో కూర్చున్న అమ్మ ముఖం చూడకండి, నాలుగో వరసలో పరిచయస్తుల్ని చూడండి.

అయినా మాట రాకపోతే? రెండో కాపీ ఒకటి అల్లుడి చేతిలోనో స్నేహితుడి చేతిలోనో ఉండాలి, అతనూ ఒకసారి పైకి చదివి ఉండాలి. మీరు కాగితం మీద వేలు పెట్టి అతని వైపు చూస్తే లేచి వచ్చి అక్కడి నుంచి చదవాలని ముందే అనుకోండి. మీరు కిందికి దిగిపోనక్కర్లేదు, పక్కనే నిలబడి ఉండొచ్చు.