ఇటుకలు లెక్కపెట్టలేని ఫొటోషాప్

గడ్డిలో పడున్న సంచిని ఫొటోలోంచి తీసేస్తే ఆనవాలు కూడా మిగలదు, ఇటుక గోడ ముందు ఆగిన కారును తీసేస్తే మాత్రం గోడ అతుకులబొంతలా తయారవుతుంది, ఎందుకని? ఫొటో స్టూడియో నడిపే పాఠకుడొకరు అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. గడ్డి కంటే ఇటుకల్లోనే క్రమం ఎక్కువ కదా, గోడే తేలిక కావాలనిపిస్తుంది. కానీ ఆ క్రమమే ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

సెలెక్ట్ చేయడం, మెనూ నొక్కడం అందరికీ తెలిసినవే. లోపల జరిగేది చూద్దాం. తీసేసిన వస్తువు చోటును చుట్టుపక్కల బొమ్మతో దానంతటదే నింపే Content-Aware Fill 2010లో ఫొటోషాప్ సీఎస్5తో వచ్చింది. దాని వెనక ప్యాచ్‌మ్యాచ్ అనే పద్ధతి ఉంది. బార్న్స్, షెక్ట్‌మన్, ఫింకెల్‌స్టైన్, గోల్డ్‌మన్ అనే నలుగురు దాన్ని 2009లో ప్రచురించారు. ఖాళీలోని చిన్న చిన్న చదరాలకు, ఒక్కోటి సుమారు 7 పిక్సెళ్ల వెడల్పుది, మిగతా ఫొటోలో బాగా పోలిన చదరాన్ని వెతకడమే దాని పని. మొదట ఎక్కడో ఒకచోట గుడ్డిగా చూస్తుంది. ఒక చదరానికి మంచి జోడీ దొరికితే, దాని పక్క చదరానికి ఆ జోడీ పక్కనే వెతుకుతుంది. దొరికిన వాటన్నిటినీ కలిపి సగటు తీసి ఖాళీ నింపుతుంది. ఇలా మళ్లీ మళ్లీ చేస్తుంది.

ఇప్పుడు ఒక గోడ తీసుకుందాం. అతుకుతో కలిపి ఒక్కో ఇటుక 60 పిక్సెళ్ల పొడవు, 20 పిక్సెళ్ల ఎత్తు. మధ్యలో సిమెంటు అతుకు 3 పిక్సెళ్లు. కారు తీసేస్తే మిగిలిన ఖాళీ 600 పిక్సెళ్లు. ఇటుక మధ్యలో పడ్డ 7 పిక్సెళ్ల చదరానికి కనిపించేది ఎరుపు రంగు మాత్రమే. తను ఇటుకలో ఏ కొసన ఉందో దానికి తెలీదు. అడ్డంగా పోయే అతుకు మీద పడ్డ చదరానికి తను పైకో కిందకో జరగకూడదని తెలుస్తుంది గానీ, కుడికో ఎడమకో ఎంత జరిగినా తేడా కనిపించదు. నిలువు అతుకు తగిలిన కొద్ది చదరాలకే తమ చోటు తెలుసు. అవి కూడా పక్క ఇటుక దాకా చూడలేవు.

దూరం చూడటానికి ప్రోగ్రామ్ ఫొటోను సగానికి, మళ్లీ సగానికి కుదించి, చిన్న బొమ్మలో మొదలుపెడుతుంది. 16వ వంతుకు కుదించినప్పుడు 7 పిక్సెళ్లు అసలు ఫొటోలో 112 పిక్సెళ్లతో సమానం. దాదాపు రెండు ఇటుకలు. బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ అక్కడ ఇటుక ఎత్తు పిక్సెల్ కంటే కాస్త ఎక్కువ, అతుకు పిక్సెల్‌లో ఐదో వంతు. అంటే గోడ మొత్తం ఒకే ఎర్రటి మరక. దూరం కనిపించే చోట ఇటుక లేదు, ఇటుక కనిపించే చోట దూరం లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కడతాడు, వరసకు ఎన్ని ఇటుకలు పడతాయో ముందే లెక్క చూసుకుంటాడు. ఇక్కడ ఇద్దరు మేస్త్రీలు దారం లేకుండా, లెక్క లేకుండా రెండు కొసల నుంచి మొదలుపెట్టినట్టు ఉంటుంది. ఎవరి పని వారికి సవ్యంగానే ఉంటుంది. తేడా కలుసుకునే చోటే బయటపడుతుంది. ఫొటో కాస్త పక్క నుంచి తీసిందనుకోండి, ఖాళీకి ఎడమన ఇటుక 60 పిక్సెళ్లయితే కుడిన 56 ఉంటుంది. సగటున 58, అంటే ఖాళీలో పట్టాల్సినవి 10.34 ఇటుకలు. ఎడమ మేస్త్రీ తన 60 కొలతతోనే కట్టుకుంటూ పోతే సరిగ్గా 10 కడతాడు. చివర 0.34 ఇటుక, అంటే దాదాపు 20 పిక్సెళ్ల తేడా మిగులుతుంది. దాన్ని దాచడానికి ఎక్కడో పొట్టి ఇటుక పడుతుంది, లేదా సగటు తీసినందువల్ల రెండు అతుకులు కలిసి మసకబారతాయి. మేస్త్రీ అర ఇటుక జరిపి పేర్చిన వరసల్లో నిలువు అతుకులు ఒకదాని మీద ఒకటి వచ్చినా అనుమానించండి. సంచి సంగతి వేరు. ఖాళీ ఒక్క ఇటుకంతే ఉంటే ఇదే గోడ మీద తేడా ఒక్క పిక్సెల్ కూడా ఉండదు, ఎవరికీ కనిపించదు. గడ్డిలోనైతే లెక్క తప్పడానికి లెక్కే లేదు.

పైగా మన కన్ను ఈ విషయంలో మహా కఠినం. రెండు గీతలు ఒకే వరసలో ఉన్నాయా లేదా అన్నది రెటీనాలో కణాల మధ్య ఎడం కంటే సన్నగా పట్టేస్తుంది. దీన్ని వెర్నియర్ తీక్ష్ణత అంటారు.

మళ్లీ మళ్లీ నొక్కితే ఎప్పుడో ఒకసారి కుదురుతుందని కొందరి నమ్మకం. మొదలు గుడ్డిగా జరుగుతుంది కాబట్టి ఫలితం మారొచ్చు, కానీ 0.34 ఇటుక తేడా ఎక్కడికీ పోదు. ముందు గోడను ఎదురుగా నిలబడి తీసినట్టు సరిచేసి, అన్ని ఇటుకలూ ఒకే కొలతకు వచ్చాక, నమూనాలు ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే Sampling Area నుంచి గోడ కానిదంతా తుడిచేసి నింపండి. అప్పటికీ అతుకు తప్పితే ఒకచోటి బొమ్మను మరోచోట అద్దే క్లోన్ టూల్ పట్టుకోండి. నకలు తీసే చోటును అడ్డంగా 60 పిక్సెళ్ల గుణిజాల్లోనే జరపండి. ఒక్క వరస పైకో కిందకో పోతే 20తో పాటు అడ్డంగా మరో 30 కలపాలి, ఆ అర ఇటుక జరుగుడు కోసం.