రథయాత్ర నాటి పాల ఐసు

పర్లాకిమిడిలో రథయాత్ర రోజు సాయంత్రం ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. మొన్నటి రథయాత్రకి మా ఇంట్లో ఐదుగురు పిల్లలు చేరారు. ఏడు గంటల వేళ నలుగురు పాల ఐసు తిన్నారు. ఐదోది మా చిన్నమ్మాయి. దానికి టాన్సిల్స్ ఉన్నాయని అమ్మ తిననివ్వలేదు. పొద్దున్న లేచేసరికి ఎనిమిదేళ్ల మేనల్లుడు గొంతు పట్టుకుని కూర్చున్నాడు. మంచినీళ్లు మింగాలన్నా నొప్పే.

"రాత్రి ఐసు వద్దని చెప్పానా లేదా?" అంది అమ్మ.

అమ్మ మాట కొట్టిపారేయలేం. రాత్రి ఐసు, పొద్దున్న నొప్పి. కళ్ల ముందు జరిగినదే. కానీ గొంతు నొప్పి ఎలా వస్తుందో తెలుసుకుంటే లెక్కపెట్టాల్సింది ముందు రోజు రాత్రి నుంచి కాదు, ఇంకా వెనక నుంచి అని తెలుస్తుంది.

గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. మామూలు జలుబును ఎక్కువగా తెచ్చేది రైనోవైరస్. అది ముక్కులోకి చేరాక గొంతు గరగర మొదలవడానికి సాధారణంగా రెండు రోజులు పడుతుంది. కొందరికి ఒక రోజు లోపే, కొందరికి మూడు రోజులకి. ఫ్లూ అయితే ఒకటి నుంచి నాలుగు రోజులు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతు నొప్పికి రెండు నుంచి ఐదు రోజులు. ఈ రోజుల్లో క్రిమి లోపల పెరుగుతూనే ఉంటుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. ఆడతాడు, తింటాడు, ఐసు కూడా తింటాడు.

మా ఇంటి లెక్క చూద్దాం. రథయాత్రకి రెండు రోజుల ముందు పలాస నుంచి మా అక్క పిల్లలు వచ్చారు. వాళ్లలో ఒకడికి అప్పటికే ముక్కు కారుతోంది. ఐదుగురూ ఒకే చాప మీద పడుకున్నారు, ఒకే గ్లాసుతో నీళ్లు తాగారు. అక్కడి నుంచి మేనల్లుడి గొంతు నొప్పికి సుమారు రెండున్నర రోజులు. రైనోవైరస్ గడువుకి సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత రెండు రోజులకి ఇంకో పిల్లకి గొంతు పట్టింది. ఎవరికనుకున్నారు? ఐసు ముట్టని మా చిన్నమ్మాయికి. ఐసు తిన్న మిగతా ముగ్గురిలో ముక్కు కారుతూ వచ్చినవాడు అప్పటికే కోలుకుంటున్నాడు, మిగిలిన ఇద్దరికీ ఏమీ కాలేదు.

ఒక్క ఇంటి సంగతితో శాస్త్రం తేలదు, నిజమే. అందుకే మనుషుల మీద పరీక్షలు చేశారు. 1968లో అమెరికాలో వాలంటీర్ల ముక్కులోకి రైనోవైరస్ వేసి, కొందరిని చలిలో ఉంచారు, కొందరిని ఉంచలేదు. చలిలో ఉన్నవాళ్లకి జలుబు ఎక్కువగా రాలేదు, తీవ్రంగానూ రాలేదు. 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మరో పరీక్ష చేశారు. 90 మంది 20 నిమిషాల పాటు చల్లటి నీళ్లలో కాళ్లు పెట్టుకున్నారు. ఇంకో 90 మంది ఖాళీ గిన్నెలో పెట్టుకున్నారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో చన్నీళ్ల గుంపులో 13 మంది, రెండో గుంపులో ఐదుగురు జలుబు లక్షణాలు ఉన్నాయని చెప్పారు. చలికి అసలు పాత్రే లేదని కొట్టేయడానికి ఈ ఫలితం ఒప్పుకోదు. అయితే అక్కడ ఎవరిలోనూ వైరస్ ఉందో లేదో చూడలేదు, ఎవరికి వారు చెప్పినదే రాసుకున్నారు. పైగా అది ఒళ్లు చల్లబడడం గురించిన పరీక్ష. ఐసు చేసేది వేరు. అది నోట్లో కరుగుతూ గొంతును కొద్దిసేపే చల్లబరుస్తుంది. అక్కడ పారే రక్తం కొన్ని నిమిషాల్లోనే మళ్లీ వేడి తెస్తుంది.

చల్లదనం చేసే చిన్న పని ఒకటి ఉంది. చల్లటి నీళ్లు తాగితే ముక్కులోని చీమిడి కదలిక కాసేపు నెమ్మదిస్తుందని, వేడి నీళ్లకి వేగం పెరుగుతుందని 1978లో కొలిచి చూశారు. జలుబు పట్టినప్పుడు వేడివేడి చారు తాగితే ముక్కు తేలికపడినట్టుండేది ఇందుకే. చల్లటి నీళ్లు తాగితే ముక్కు దిబ్బడ వేసినట్టు అనిపించడమూ అబద్ధం కాదు. కానీ అప్పటికే ఉన్న జలుబు ఎక్కువగా తెలియడం వేరు, లేని క్రిమి పుట్టడం వేరు. ఆ మాటకొస్తే టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకి డాక్టర్లే ఐస్‌క్రీమ్ పెట్టమంటారు. చల్లదనం నొప్పిని మొద్దుబారుస్తుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి గొంతు దిగుతుంది.

ఇక పెరుగు. మా వైపు దీని మీద ఎంత భయం ఉందో అంత ఇష్టమూ ఉంది. ఎండాకాలంలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం ఎక్కడికెళ్లినా ఒడియా ఇళ్లలో దహి పఖాళ, తెలుగు ఇళ్లలో పెరుగేసిన చద్దన్నం. మార్చి 20న పఖాళ దినం అని పండగే చేసుకుంటారు. పెరుగు గొంతును పాడుచేసేదైతే ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లు మూలుగుతూ ఉండాలి. గొంతు నొప్పులు ఎక్కువయ్యేది మాత్రం బళ్లు తెరిచి, వానలు పడి, పిల్లలు ఒకే గదిలో దగ్గరదగ్గరగా కూర్చునేటప్పుడు. అప్పుడు పెరుగు తినడం మానేస్తాం, గొంతు మాత్రం నొప్పి పెడుతూనే ఉంటుంది.

పాల పదార్థాలతో కఫం పెరుగుతుందన్న నమ్మకాన్నీ పరీక్షించారు. ఆస్ట్రేలియాలో 60 మందికి రైనోవైరస్ ఇచ్చి, ఎవరెంత పాలు తాగారో రాసుకుని, ముక్కు తుడుచుకున్న కాగితాలు తూచి చూశారు. 1990లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం పాలకీ చీమిడి బరువుకీ సంబంధం లేదు. పాలతో కఫం పడుతుందని నమ్మేవాళ్లు దగ్గు, దిబ్బడ ఎక్కువగా ఉన్నాయని చెప్పారు గానీ, వాళ్ల చీమిడి బరువు మాత్రం పెరగలేదు. పాలు లాలాజలంతో కలిసి గొంతులో పల్చటి పొరలా అనిపిస్తాయి. దాన్నే కఫం అనుకుంటాం. పెరుగుకి పులుపు కూడా తోడు. వాచి ఉన్న గొంతుకి బాగా పులిసిన పెరుగు తగిలితే మంట పుడుతుంది. అలాంటప్పుడు కమ్మటి పెరుగు తింటే సరి.

రోడ్డు పక్క ఐసుతో నాకున్న భయం వేరే. తాగడానికి పనికిరాని నీళ్లతో చేసిన ఐసు వల్ల టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు వస్తాయి. అది చల్లదనం తప్పు కాదు, నీళ్ల తప్పు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇంకొకటి. తప్పు ఐసు మీద వేసేశాక గొంతులోకి చూడడం మానేస్తాం. పిల్లల గొంతు నొప్పి కేసులు పది ఉంటే రెండు మూడు స్ట్రెప్టోకాకస్‌వి కావచ్చు. ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, దవడ కింద నొప్పితో గడ్డలు, వీటితో పాటు దగ్గూ జలుబూ లేకపోవడం దాని గుర్తులు. దాన్ని అలాగే వదిలేస్తే కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తర్వాత కీళ్ల వాపుతో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు డాక్టరు రాసిన పెనిసిలిన్ రకం మందు మొదలుపెడితే ఆ ప్రమాదం తప్పుతుంది. మాత్రలైతే మామూలుగా పది రోజులు పూర్తిగా వాడాలి. వైరస్ నొప్పికి అదే మందు ఏమీ చేయదు. ఏది ఏదో గుర్తులతోనే ఖాయంగా చెప్పలేం, అనుమానం ఉంటే గొంతు స్వాబ్ పరీక్ష చేయించాలి. నోరు తెరవలేకపోయినా, చొంగ కారుతున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మేనల్లుడి నోట్లోకి టార్చి వేసి చూశాను. గొంతు ఎర్రగా ఉంది, చీము లేదు, జ్వరం లేదు. సాయంత్రానికి తుమ్ములు, మర్నాటికి ముక్కు కారడం, ఆ తర్వాత దగ్గు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించాడు. మూడో రోజు పెరుగన్నం అడిగాడు, అమ్మే కలిపి పెట్టింది.