పంట పేరు గుర్తుండాలి, అప్పు సంగతి వద్దు: చాట్‌బాట్ జ్ఞాపకం వెనక కథ

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వచ్చే రోజుల్లో, ధరలు చెప్పే చాట్‌బాట్ ఒకటి రైతుల వాట్సాప్‌లో ఉందనుకుందాం. పర్వతగిరి వైపు రైతు ఒకాయన తేజ రకం ధర అడిగారు. ఆయనకు తెలుగులో చెప్పాలి. చదవడం కష్టం కాబట్టి వాయిస్‌లో చెప్పాలి. వరంగల్ మార్కెట్ ధరే చెప్పాలి. రేపు మళ్లీ అడిగితే ఇవన్నీ మొదటి నుంచి చెప్పించుకునే చాట్‌బాట్ జోలికి ఆయన పోరు. అంటే ఇవి గుర్తుండాలి. అయితే అదే సంభాషణలో ఆయన ఇంకో మాట కూడా అడిగారు: "అడ్తి కాడ తెచ్చిన అప్పు తీరాల్నంటే క్వింటా ఎంతకు అమ్మాలె?" ఇదీ గుర్తుండాలా?

కంప్యూటర్‌తో మనిషి మాట్లాడటం మొదలైనప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం గురించి ప్రకటించారు. టైపు చేసిన మాటల్నే అటూ ఇటూ తిప్పి ప్రశ్నలుగా వేసే చిన్న ప్రోగ్రాం అది. జనం మాత్రం దానితో మనసు విప్పి మాట్లాడారు. ఆ సంభాషణలన్నీ తర్వాత తాను చూసేలా ఏర్పాటు చేస్తే ఎలా ఉంటుందని ఆయన అన్నప్పుడు, మా అంతరంగం మీద నిఘా పెడతావా అని చుట్టూ ఉన్నవాళ్లు విరుచుకుపడ్డారట. పదేళ్ల తర్వాత ఆయనే ఈ సంగతి రాశారు. ప్రోగ్రాం వింటున్నందుకు వాళ్లకు అభ్యంతరం లేదు. విన్నది నిలిచి ఉండటం, ఇంకొకరు దాన్ని చూడగలగడం, అక్కడే గొడవ.

వెబ్‌కు జ్ఞాపకం వచ్చింది 1994లో. అప్పటిదాకా వెబ్ సర్వర్‌కు ప్రతి క్లిక్కూ కొత్త మనిషే. ఆన్‌లైన్ దుకాణంలో ఒక వస్తువు ఎంచుకుని రెండోదానికి వెళ్లేసరికి మొదటిది మరచిపోయేది. సగంలో ఉన్న కొనుగోళ్లను తమ సర్వర్లలో దాచడం దుకాణం కట్టించుకునే కంపెనీకి ఇష్టం లేదు. దాంతో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లి ఒక ఉపాయం చేశారు. ఒక చిన్న అక్షరాల ముక్కను సర్వర్ బ్రౌజర్‌కు పంపుతుంది, బ్రౌజర్ వచ్చిన ప్రతిసారీ దాన్ని వెనక్కి చూపిస్తుంది. అదే కుకీ.

కాలక్రమంలో చాలా సైట్లు కుకీలో అర్థంలేని ఒక నంబర్ మాత్రం పెట్టి, అసలు వివరాలు సర్వర్‌లో ఉంచడం మొదలుపెట్టాయి. ఇది మంచి పద్ధతే. ఆ నంబర్ చూసినవాళ్లకు మనిషి గురించి ఏమీ తెలియదు. కానీ ఒకే ప్రకటనల కంపెనీ బొమ్మ వంద సైట్లలో ఉంటే, వంద చోట్లా అదే నంబర్ చదివి మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో కూర్చుకోవచ్చు. 1997 ఫిబ్రవరిలో వచ్చిన కుకీల ప్రమాణం ఇలాంటి బయటివాళ్ల కుకీలను వాడుకరి అడిగితే తప్ప అనుమతించవద్దంది. అప్పటి పెద్ద బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు. బుట్టను గుర్తుంచుకోవడానికి పుట్టిన వస్తువు మనిషి వెంట తిరిగేదైంది. ఒక పనికి దాచినదాన్ని ఇంకో పనికి వాడటం అప్పుడు మొదలై ఇప్పటికీ ఆగలేదు.

చాట్‌బాట్ల దగ్గరికొస్తే, దాచినది ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఎలా పోతుందో చూపించే ఉదంతం 2023 మార్చి 20న జరిగింది. ఆ రోజు చాట్‌జీపీటీ వాడేవాళ్లలో కొందరికి పక్కన జాబితాలో తమవి కాని సంభాషణల శీర్షికలు కనిపించాయి. ఎవరూ చొరబడలేదు. వాడుకరుల వివరాలను వేగంగా తెచ్చివ్వడానికి చాట్‌జీపీటీని నడిపే ఓపెన్‌ఏఐ కంపెనీ రెడిస్ అనే స్టోర్ వాడేది. సర్వర్‌కూ రెడిస్‌కూ మధ్య కొన్ని కనెక్షన్లుంటాయి, వాటినే అందరి అభ్యర్థనలూ వంతులవారీగా వాడుకుంటాయి. ఒకరి అభ్యర్థన వెళ్లాక, జవాబు అందుకోకముందే అది రద్దయితే, ఆ జవాబు కనెక్షన్‌లోనే మిగిలిపోతుంది. తర్వాత అదే కనెక్షన్ దొరికిన మనిషికి ముందువాళ్ల జవాబు వస్తుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసినాయన మధ్యలో వెళ్లిపోతే, ఆయన బియ్యం వెనకున్నాయన సంచిలో పడ్డట్టు. ఎక్కువసార్లు జవాబు రూపం కుదరక ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. రూపం కుదిరితే మాత్రం నేరుగా తెరమీదికి వచ్చేది. ఆ రోజు సర్వర్‌లో చేసిన ఒక మార్పు వల్ల రద్దయ్యే అభ్యర్థనలు ఒక్కసారిగా పెరిగాయి. తొమ్మిది గంటల వ్యవధిలో, చందా కట్టి వాడుతున్నవాళ్లలో 1.2 శాతం మంది చెల్లింపు వివరాలు కొన్ని ఇతరులకు కనబడి ఉండొచ్చని కంపెనీయే చెప్పింది. ఆ తర్వాత, తెచ్చిన వివరం అడిగిన మనిషిదేనా అని తిరిగి సరిచూసే తనిఖీ పెట్టారు. నా దృష్టిలో జ్ఞాపకం దాచే ప్రతి వ్యవస్థకూ మొదటి రోజు నుంచే ఉండాల్సిన తనిఖీ ఇది. తాళం ఒకచోట సరిపోదు. తీసుకొచ్చాక కూడా ఇది ఎవరిదని అడగాలి.

2024 ఫిబ్రవరిలో చాట్‌జీపీటీకి 'మెమరీ' వచ్చింది, మొదట కొద్దిమందికి. ఇక్కడ విషయం మలుపు తిరిగింది. అంతకుముందు ఇష్టాయిష్టాలంటే గళ్లు: భాష ఒక గడి, ఊరు ఒక గడి. గడి లేని విషయం దాచడానికి చోటే ఉండేది కాదు. ఇప్పుడు సంభాషణ చదివి, ఏది ముఖ్యమో చాట్‌బాట్ వెనకుండి జవాబులు రాసే ఏఐ మోడలే ఎంచుకుని వాక్యంగా రాసిపెడుతుంది. మన రైతు విషయంలో అది 'తేజ మిర్చి పండిస్తారు' అని రాయొచ్చు, 'అప్పుల్లో ఉన్నారు' అనీ రాయొచ్చు. దానికి రెండూ ఒకటే.

ఇంకొకటి. ఈ జ్ఞాపకం మోడల్ లోపల ఉండదు. బయట డేటాబేస్‌లో ఉన్న ఆ వాక్యాలను ప్రతిసారీ తెచ్చి, మనం అడిగిన ప్రశ్నకు ముందు అతికించి మోడల్‌కు ఇస్తారు. అలా ఇచ్చినదేదైనా జవాబులో బయటికి రావచ్చు. 'అప్పు సంగతి ఎవరికీ చెప్పకు' అని పైన రాసిపెట్టడం మనవి మాత్రమే, తాళం కాదు. 2024 సెప్టెంబరులో భద్రతా పరిశోధకుడు యోహాన్ రేబెర్గర్ ఇంకో దారి చూపించారు. చాట్‌బాట్ చేత చదివించిన వెబ్ పేజీలో దొంగ ఆదేశం దాచిపెడితే, అది జ్ఞాపకంలోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడినా ఆ మాటలు బయటి సర్వర్‌కు చేరేలా చేసి చూపించారాయన. ఒక్క సంభాషణతో పోవాల్సిన బెడద, జ్ఞాపకం వల్ల స్థిరపడింది.

ఇదంతా తెలిశాక మన మిర్చి రైతుకు ఏం దాచాలి? నేనైతే వాక్యాలను వదిలి, మళ్లీ గళ్ల దగ్గరికే పోతాను. మోడల్ ఏం ఎంచుకున్నా సరే, ముందే రాసుకున్న ఈ నాలుగు గళ్లలో, ముందే రాసుకున్న విలువల్లో ఇమిడితేనే డేటాబేస్‌లోకి వెళ్లాలి:

```
{
  "lang": "te",
  "reply": "voice",
  "market": "warangal",
  "crop": "mirchi_teja",
  "idle_days_max": 60
}
```

అప్పుకు ఇందులో గడి లేదు కాబట్టి ఆ మాట నిలవదు. ఆ పూట లెక్క చెప్పడానికి పనికొస్తుంది, సంభాషణ ముగిశాక పోతుంది. రేబెర్గర్ చూపించిన లాంటి దొంగ వాక్యమూ ఇందులో పట్టదు. దీనికి మూల్యం ఉంది. 'పోయినసారి చెప్పిన తెగులు తగ్గిందా' అని పలకరించే చనువు ఈ చాట్‌బాట్‌కు రాదు. ధరలు చెప్పే పనికి ఆ చనువు అవసరమని నేను అనుకోను.

నాలుగు గళ్ల కింద ఉన్న చివరి వరుస గడువు: అన్ని రోజులు ఎవరూ మాట్లాడకపోతే ఆ గళ్లు చెరిగిపోతాయి. అక్కడ 60 ఎందుకంటే, వాట్సాప్‌లో మనిషికి గుర్తింపు ఫోన్ నంబరే. మన దేశంలో కనెక్షన్ తీసేసిన నంబర్‌ను కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టు ముందు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అంటే మేలో మిర్చి అమ్ముకుని ఊరుకున్న రైతు నంబర్, వచ్చే జనవరికి జగిత్యాలలో ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. జ్ఞాపకం అలాగే ఉంటే అది ఆ కొత్త మనిషిని పలకరిస్తుంది. 60 రోజులు ఎవరూ మాట్లాడకపోతే చెరిపేస్తే ఆ ప్రమాదం పోతుంది. పాత రైతే తిరిగొస్తే నాలుగు ప్రశ్నలు మళ్లీ అడగాల్సి వస్తుంది, అంతే.

నంబర్‌ను నేరుగా దాచకుండా హాష్ చేశాం, అంటే వెనక్కి విప్పలేని గజిబిజి అక్షరాలుగా మార్చాం, ఇక ఎవరికీ తెలియదు అనుకునేవాళ్లున్నారు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. మొత్తం కలిపితే 400 కోట్లు. అన్నింటికీ హాష్ కట్టి పోల్చి చూడటం నేటి కంప్యూటర్‌కు నిమిషాల పని. హాష్‌లో ఒక రహస్య తాళంచెవిని కలిపి, ఆ చెవిని డేటాబేస్‌కు దూరంగా వేరే చోట ఉంచితేనే ఆ దాపరికానికి అర్థం.

ఫోన్ చేతులు మారకపోయినా ఇంట్లో మారుతుంది. మన ఊళ్లలో ఫోన్ ఒకరిది కాదు, ఇంటిది. సాయంత్రం కొడుకు అదే ఫోన్‌లో ధర అడిగితే, అప్పు సంగతి జవాబులో తొంగిచూసిందంటే వాడు తండ్రిని అడుగుతాడు: "బాపూ, అడ్తి కాడ ఎంత తెచ్చినవే?" ఈ లీకుకు ఏ హ్యాకరూ అక్కర్లేదు. అందుకే గుర్తున్నదాన్ని వాడుకోవాలి గానీ తనంతట తాను ఎత్తకూడదు. తేజ ధర ముందు చెప్పడం వాడుకోవడం, 'మీరు తేజ రైతు కదా' అనడం ఎత్తడం.

ఇదంతా నిజంగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండు నంబర్లతో రెండు ఖాతాలు తెరిచి, మొదటిదానిలో ఎక్కడా లేని ఒక కల్పిత మాటను, ఒక దొంగ ఊరి పేరును అప్పు గురించి చెబుతూ వాడాలి. తర్వాత రెండో ఖాతా నుంచి రకరకాలుగా అడిగి ఆ మాట వస్తుందేమో చూడాలి. అదే మాటను డేటాబేస్‌లో, జరిగినదల్లా సర్వర్ రాసుకునే లాగ్‌లలో, ఎర్రర్ రిపోర్టుల్లో, బ్యాకప్‌లో వెతకాలి. జవాబుల్లో రాని మాట లాగ్‌లలో దొరకడం మామూలే. జ్ఞాపకాన్ని జాగ్రత్తగా కట్టినవాళ్లు కూడా, లోపాలు పట్టుకోవడానికని పూర్తి సంభాషణను లాగ్‌లో రాయించి మరచిపోతారు. ఈ పరీక్షను కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ చేయాలి. 2023 ఉదంతంలో లోపం ముందు నుంచే ఉంది, ఆ రోజు చేసిన మార్పే దాన్ని బయటపెట్టింది.

చట్టం కూడా ఇటే నడుస్తోంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోన్లో వైద్యం చెప్పే యాప్ మన కాంటాక్టుల జాబితాకూ అనుమతి అడిగి, మనం సరేనన్నా, వైద్యానికి ఆ జాబితా అక్కర్లేదు కాబట్టి ఆ అనుమతి చెల్లదు. ధర చెప్పే చాట్‌బాట్‌కు అప్పు సంగతి ఆ కాంటాక్టుల జాబితా లాంటిదే అని నేను చదువుకుంటాను. నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరాక, తన వివరాలు చెరిపేయమని అడిగే హక్కును మన రైతు వాడుకోవచ్చు. 'నా సంగతులన్నీ తీసెయ్' అని ఆయన వాయిస్ మెసేజ్ పెట్టినప్పుడు పోవాల్సింది నాలుగు గళ్లు మాత్రమే కాదు, ఆ వాయిస్ ఫైలూ, దాన్ని అక్షరాల్లోకి మార్చిన పాఠమూ, లాగ్‌లో మిగిలిన నకలూ.