వీఆర్ హెడ్‌సెట్‌లో బొమ్మ మసకబారితే ముందు చూడాల్సింది లెన్సులే

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకోగానే అక్షరాలు మసగ్గా కనిపిస్తే చాలామంది చేసే మొదటి పని సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండర్ స్కేల్ పెంచడం, అంటే ఆట ఎన్ని పిక్సెల్స్‌తో బొమ్మ గీయాలో ఆ లెక్క పెంచడం. కానీ లెన్సు కంటికి ఎదురుగా లేనప్పుడు ఆ స్కేల్ ఎంత పెంచినా గ్రాఫిక్స్ కార్డు వేడెక్కడం తప్ప బొమ్మ తేటపడదు. అందుకే మసక ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి. 2019లో వచ్చిన వాల్వ్ ఇండెక్స్ హెడ్‌సెట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. లెన్సుల దూరం, రెండర్ స్కేల్, రిఫ్రెష్ రేటు దానిలో విడివిడిగా సర్దుకోవచ్చు.

తల కదపకుండా ఎదురుగా ఉన్న అక్షరాలను చూడండి. అప్పుడు కూడా మసగ్గా ఉండి, అంచుల వెంట రంగుల చారలు కనిపిస్తే ముందుగా లెన్సుల మీదే అనుమానపడాలి. హెడ్‌సెట్ లెన్సులో బొమ్మ పూర్తి స్పష్టంగా కనిపించే చోటు మధ్యలో కొంత మేరకే ఉంటుంది. కనుపాప అక్కడికి సరిగ్గా రావాలి. పెద్దవాళ్లలో రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉన్నా, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. కళ్లద్దాల షాపులో అడిగితే కొలిచి చెబుతారు. ఇండెక్స్ అడుగున ఉన్న స్లైడర్‌ని జరుపుతుంటే ఆ దూరం మిల్లీమీటర్లలో తెర మీదే కనిపిస్తుంది. మీ కొలత దగ్గర ఆపి, ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. రెండు కళ్లకూ మధ్య భాగం ఒకేలా తేటగా ఉండాలి. తర్వాత హెడ్‌సెట్‌ని ముఖం మీద కాస్త పైకీ కిందికీ జరిపి చూడాలి. కొలత సరిగ్గా పెట్టి, ఈ పని మాత్రం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

లెన్సు కుదిరాక రెండర్ స్కేల్ సంగతి. ఇండెక్స్ తెర ఒక్కో కంటికి 1440×1600 పిక్సెల్స్. హెడ్‌సెట్‌ని కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ స్టీమ్‌వీఆర్. అందులో ఈ స్కేల్ పేరు Render Resolution. దాన్ని 100% అని పెడితే ఆట గీసేది మాత్రం 2016×2240, అంటే దాదాపు రెట్టింపు పిక్సెల్స్. ఇది వృథా కాదు. లెన్సు బొమ్మను అంచుల దగ్గర సాగదీసి వంకర చేస్తుంది. ఆ వంకర పోవాలని సాఫ్ట్‌వేర్ ముందే బొమ్మను ఎదురు దిశలో వంచి తెర మీదికి పంపుతుంది. అలా వంచేటప్పుడు మధ్య భాగం పెద్దదవుతుంది. అక్కడ పిక్సెల్స్ చాలకపోకుండా ముందే ఎక్కువ గీయించుకుంటుంది. కాబట్టి 100% కంటే బాగా తగ్గిస్తే సరిగ్గా మనం చూసే మధ్యభాగమే మెత్తబడుతుంది. పెంచితే సన్నని తీగలు, కంచెలు మిణుకుమిణుకుమనడం తగ్గుతుంది. ఇంకో సంగతి, ఇక్కడ శాతం అంటే మొత్తం పిక్సెల్స్ లెక్క. 150% పెడితే పని ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది కానీ వెడల్పూ ఎత్తూ పెరిగేది సుమారు 22 శాతమే.

ఆ పని ఎంత సమయంలో పూర్తి కావాలో చెప్పేది రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందన్నది. 90 హెర్ట్జ్ అయితే ఒక్కో ఫ్రేముకు 11.1 మిల్లీసెకన్లు, 80 అయితే 12.5, 120 అయితే 8.3. ఒక ఆట 100% దగ్గర ఫ్రేముకు 9 మిల్లీసెకన్లు తీసుకుంటోందనుకుందాం. 90 హెర్ట్జ్‌లో హాయిగా నడుస్తుంది. 120లో నడవదు. 150%కి పెంచితే దాదాపు 13.5 మిల్లీసెకన్లు అవుతుంది, ఇక 90లో కూడా పట్టదు. అప్పుడు ఆట సెకనుకు 45 ఫ్రేములకు పడిపోయి, మధ్య ఫ్రేములను స్టీమ్‌వీఆర్ పాతవాటి నుంచి అల్లుతుంది. నిలకడగా ఉన్న గోడ బాగానే కనిపిస్తుంది. కదిలే చెయ్యికి, పక్కనుంచి దూసుకెళ్లే కారుకు మాత్రం అంచులు రెండుగా కనబడతాయి, లేదా వాటి చుట్టూ గాలి అలలాడినట్టు ఉంటుంది. దీన్ని కూడా చాలామంది మసక అనుకుని స్కేల్ ఇంకా పెంచుతారు, దాంతో ఇంకా చెడుతుంది.

ఇదే ఆటకు నేనైతే 80 హెర్ట్జ్, 120% పెడతాను. ఫ్రేముకు సుమారు 10.8 మిల్లీసెకన్లు అవుతుంది, బరువైన సీన్ వచ్చినా తట్టుకోవడానికి కొంత మిగులుతుంది. తెర మిణుకుమంటోందని 80 పడనివాళ్లు 90కి వెళ్లి స్కేల్‌ని 100% దగ్గరే ఉంచుకోవచ్చు. ఆటను బట్టి విడిగా మార్చుకునే వీలు స్టీమ్‌వీఆర్‌లోనే ఉంది. స్కేల్ బాగా తగ్గించినా ఫ్రేము సమయం తగ్గలేదంటే అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు కాదు, ప్రాసెసర్. అప్పుడు స్కేల్‌ని మళ్లీ పైకి తెచ్చి, ఆటలో నీడలు, జనం, వాహనాల సంఖ్య లాంటివి తగ్గించాలి.

ఇన్నీ కుదిరినా దూరపు బోర్డు మీద చిన్న అక్షరాలు కంప్యూటర్ మానిటర్ మీద కనిపించినంత తేటగా ఉండవు. మంచి చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో సుమారు 60 పిక్సెల్స్ వరకు విడివిడిగా పట్టగలదు. ఇండెక్స్ ఇచ్చేది దానిలో నాలుగో వంతుకు అటూ ఇటూ. అది తెర పరిమితి, ఏ సెట్టింగ్‌తోనూ పోదు.